సుదీర్ఘ ప్రసంగంలోని ఒక భాగానికి సబ్‌టైటిళ్లు: ట్రాన్‌స్క్రిప్ట్‌ను ముక్కలు చేయడం, సమయాలు కుదర్చడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గంటకు పైగా సాగిన ప్రసంగం నుంచి నాలుగైదు నిమిషాల భాగాన్ని విడిగా తీసి, చేతిలో ఉన్న ట్రాన్‌స్క్రిప్ట్ ఆధారంగా దానికి తెలుగు సబ్‌టైటిళ్లు తయారుచేసేవారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ రాశాము. వివరణ గాలిలో మిగిలిపోకుండా పేజీ అంతటా ఒకే ఉదాహరణను అనుసరించాము. ఊళ్లోని చెరువులను పూర్వం రైతులు ఎలా చూసుకునేవారో వివరించే 1 గంట 52 నిమిషాల ప్రసంగం ఉందనుకోండి. అందులో 41వ నిమిషం దగ్గర మొదలయ్యే 5 నిమిషాల 45 సెకన్ల భాగం మనకు కావాలి. వీడియో సెకనుకు 25 ఫ్రేములది, కాబట్టి ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు ఉంటుంది.

ట్రాన్‌స్క్రిప్ట్‌లో ప్రతి పేరాకూ సమయం వేసి ఉంది కదా, వాటినే సబ్‌టైటిళ్ల సమయాలుగా వాడుకోవచ్చా?

వాడుకోలేము. పేరా పక్కన ఉండే 41:32 వంటి సమయం వీడియోలో ఎక్కడ వెతకాలో చెప్పే ఆనవాలు మాత్రమే. అది సెకన్ల వరకే ఉంటుంది, చాలాసార్లు దాన్ని వేసినవారు మాట మొదలైన తరువాత ఒకటి రెండు సెకన్లకు గుర్తించి ఉంటారు. సబ్‌టైటిల్‌కు కావలసినది మొదటి ధ్వని వినిపించే చోటు, అది ఒకటి రెండు ఫ్రేముల తేడాలో ఉండాలి.

ఇంతకంటే పెద్ద చిక్కు పాఠ్యంలోనే ఉంటుంది. చదవడానికి వీలుగా తయారుచేసిన ట్రాన్‌స్క్రిప్ట్‌లో వక్త తడబాట్లు తీసేసి, మధ్యలో తెగిన వాక్యాలను అతికి, కొన్నిచోట్ల పదాల వరుస కూడా మార్చి ఉంటారు. అటువంటి పాఠ్యాన్ని నేరుగా వీడియో కింద వేస్తే, వక్త నోట ఒక పదం వినిపిస్తుండగా ప్రేక్షకుడి కంటికి మరొక పదం కనిపిస్తుంది. తెలుగు వినే ప్రేక్షకుడికే తెలుగు సబ్‌టైటిల్ వేస్తున్నప్పుడు ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది. అందువల్ల ఎంచుకున్న భాగాన్ని మొదట పూర్తిగా వింటూ, ట్రాన్‌స్క్రిప్ట్‌ను మాటల వరుసకు తిరిగి తేవాలి. "అంటే", "మరి" వంటి ఊతపదాలు వదిలేసినా ఫరవాలేదు గానీ, మిగిలిన పదాలు పలికిన వరుసలోనే ఉండాలి.

భాగం ఎక్కడ మొదలుపెట్టాలి? కావలసిన వాక్యం దగ్గరే కోస్తే సరిపోదా?

మన ఉదాహరణలో అసలు విషయం 41:32 దగ్గర "ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు నాకు చెప్పిందేమిటంటే" అనే మాటతో మొదలవుతుంది. అక్కడే కోస్తే ఏ ఊరో ప్రేక్షకుడికి తెలియదు, ఎందుకంటే ఊరి పేరు దానికి ముందు వాక్యంలో ఉంది. మనవాళ్లు మాట్లాడేటప్పుడు ఒకసారి పేరు చెప్పి, ఆ తరువాత నిమిషాల తరబడి "అది", "అక్కడ", "వాళ్ళు" అంటూ సాగిపోతారు. వక్త అనని ఊరి పేరును సబ్‌టైటిల్‌లో చేర్చడం సరికాదు. కాబట్టి కోతనే వెనక్కి జరిపి, ఊరి పేరు వచ్చే వాక్యం నుంచి, అంటే 41:20 నుంచి మొదలుపెట్టాము. ఆ పేరు మరీ దూరంగా, ఐదారు నిమిషాల వెనక ఉంటే, వీడియో మొదట్లో ఒక శీర్షిక పలక వేసి అందులో చెప్పడం మేలు.

ముగింపుకూ ఇదే జాగ్రత్త అవసరం. చివరి వాక్యం క్రియాపదం పూర్తయ్యాక కనీసం ఒక సెకను వీడియో మిగలాలి. లేకపోతే ఆఖరి సబ్‌టైటిల్ చదవకముందే తెర మారిపోతుంది.

వీడియోను కోసే ఆదేశం ఏది వాడాలి? కోసిన తరువాత సమయాలన్నీ కొద్దిగా తప్పుతున్నాయి, ఎందుకు?

వీడియోలను కోసి మార్చే ఉచిత ప్రోగ్రాము ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో `-c copy` అని ఇచ్చి కోసినప్పుడు ఈ ఇబ్బంది వస్తుంది. ఆ పద్ధతిలో వీడియోను తిరిగి ఎన్‌కోడ్ చేయరు కాబట్టి కోత అడిగిన చోట కాక, దానికి ముందున్న కీఫ్రేము దగ్గర, అంటే పూర్తి బొమ్మగా దాచిన ఫ్రేము దగ్గర పడుతుంది. కీఫ్రేముల మధ్య దూరం కొన్ని సెకన్లు ఉండవచ్చు. మీరు 41:20 అనుకుంటూ లెక్క వేస్తారు, ముక్క మాత్రం 41:17 దగ్గర మొదలై ఉంటుంది. పైగా ఒక ప్లేయర్ ఆ అదనపు భాగాన్ని చూపితే మరొకటి దాటవేయవచ్చు, అందువల్ల మీ దగ్గర సరిగ్గా కనిపించినది ఇంకొకరి దగ్గర తప్పుతుంది. సబ్‌టైటిళ్లు వేయబోయే ముక్కను తిరిగి ఎన్‌కోడ్ చేసి కోయడమే క్షేమం.

```
ffmpeg -ss 00:41:20 -to 00:47:05 -i prasangam.mp4 -c:v libx264 -c:a aac mukka.mp4
```

ఈ ముక్క తయారైన తరువాత దాన్ని మార్చకూడదు. సమయాలు వేయడం మొదలుపెట్టాక ఎడిటర్ ముందు భాగంలో రెండు సెకన్ల లోగో చేర్చినా, మధ్యలో ఒక దగ్గును తీసేసినా, అక్కడి నుంచి సమయాలన్నీ జరిగిపోతాయి. వీడియో ఖరారైందని రాతపూర్వకంగా తెలుసుకున్న తరువాతే పని మొదలుపెట్టమని మేము గట్టిగా చెబుతాము.

పాఠ్యాన్ని ముందు ముక్కలు చేయాలా, సమయాలు ముందు వేయాలా?

పాఠ్యమే ముందు. సాఫ్ట్‌వేర్‌లో శబ్దపు తరంగరేఖను చూస్తూ మౌనం వచ్చిన ప్రతిచోటా కోసుకుంటూ పోయేవారు ఉన్నారు. అలా చేస్తే వక్త ఊపిరి పీల్చుకున్న చోటల్లా సబ్‌టైటిల్ తెగుతుంది. మాట్లాడే మనిషి ఊపిరి కోసం వాక్యం మధ్యలో ఎక్కడైనా ఆగవచ్చు. "తూము దగ్గర" అని ఆగి, తరువాత "పూడిక తీయకపోతే" అనవచ్చు. వినేవారికి అది ఇబ్బంది కాదు, ఎందుకంటే ఆ స్వరం ఇంకా వాక్యం ఉందని చెబుతూనే ఉంటుంది. తెర మీద "తూము దగ్గర" అనే ముక్క ఒంటరిగా నిలబడితే మాత్రం చదివేవారు దారి తప్పుతారు.

కాబట్టి మొదట ట్రాన్‌స్క్రిప్ట్‌ను మామూలు టెక్స్ట్ ఫైలులో పెట్టుకుని, వింటూ, అర్థం నిలిచే చోట్ల కొత్త వరుస మొదలుపెట్టాలి. ఆ తరువాతే ఒక్కొక్క ముక్కకూ గొంతును బట్టి సమయం వేయాలి. అర్థానికీ ఆగిన చోటుకీ పొత్తు కుదరనప్పుడు అర్థాన్నే ఎంచుకోవాలి.

తెలుగు వాక్యంలో అర్థం నిలిచే చోటును ఎలా గుర్తించాలి?

తెలుగులో ప్రధాన క్రియ చివర వస్తుంది కాబట్టి, దీర్ఘవాక్యం దాదాపు ఎప్పుడూ అసమాపక క్రియల మీద నడుస్తుంది. "తీయకపోతే", "నిండినా", "వచ్చి", "మొదలయ్యాక" వంటి రూపాలు పూర్తయిన వెంటనే వచ్చే చోటు కోతకు అనువైనది. అక్కడ ఒక చిన్న పని పూర్తయిందని పాఠకుడికి తెలుస్తుంది, ఇంకా ఏదో ఉందని కూడా తెలుస్తుంది.

కోయకూడని చోట్లు కూడా ఇంతే స్పష్టంగా ఉంటాయి. విశేషణాన్నీ దాని నామవాచకాన్నీ విడదీయకూడదు. "పూడిక తీసిన" ఒక సబ్‌టైటిల్‌లో, "కాలువ" తరువాతి దానిలో ఉంటే రెండూ కుంటుపడతాయి. సంఖ్యనూ దాని కొలతనూ, మనిషి పేరునూ "గారు"నూ, నామవాచకాన్నీ "గురించి", "వల్ల", "దగ్గర" వంటి మాటలనూ ఒకచోటే ఉంచాలి. ఒకే సబ్‌టైటిల్‌లోని రెండు వరుసలను విడదీసేటప్పుడు కూడా ఈ నియమాలనే పాటించాలి, కాకపోతే అక్కడ కొంత వెసులుబాటు ఉంటుంది.

మరొకరి మాటను వక్త ఉటంకించేటప్పుడు ప్రత్యేక శ్రద్ధ కావాలి. ఆ ఉటంకింపు ఎవరిదో చెప్పే "అని" అన్నింటికంటే చివర వస్తుంది. సబ్‌టైటిల్ పొడవు తగ్గించాలని చూసేవారు మొట్టమొదట తీసేసేది ఈ "అని"నే. కింది ఉదాహరణలో అది ఎంత నష్టం చేస్తుందో చూడవచ్చు.

ఒక వాక్యాన్ని మొదటి నుంచి చివరి వరకు చేసి చూపగలరా?

సరిచేసిన ట్రాన్‌స్క్రిప్ట్‌లో వాక్యం ఇలా ఉంది: "ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు నాకు చెప్పిందేమిటంటే, వానాకాలం మొదలుకాకముందే తూము దగ్గర పూడిక తీయకపోతే, చెరువు నిండినా సరే చివరి మడికి నీళ్ళు చేరవు, అందుకని ప్రతి ఏడూ ఇంటికి ఒకరు చొప్పున వచ్చి ఆ పని చేసేవాళ్ళం అని." పూర్తి వీడియోలో ఇది 41:32.400 దగ్గర మొదలవుతుంది. మన ముక్క 41:20.000 దగ్గర మొదలైంది కాబట్టి, తీసివేత చేస్తే 12.400 సెకన్లు వస్తుంది. ఫలితం ఇది:

```
4
00:00:12,400 --> 00:00:15,000
ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు
నాకు చెప్పిందేమిటంటే,

5
00:00:15,080 --> 00:00:18,840
వానాకాలం మొదలుకాకముందే
తూము దగ్గర పూడిక తీయకపోతే,

6
00:00:18,920 --> 00:00:22,400
చెరువు నిండినా సరే
చివరి మడికి నీళ్ళు చేరవు,

7
00:00:23,200 --> 00:00:27,120
అందుకని ప్రతి ఏడూ ఇంటికి ఒకరు చొప్పున వచ్చి
ఆ పని చేసేవాళ్ళం అని.
```

నాలుగో ముక్కకూ ఐదో ముక్కకూ మధ్య 80 మిల్లీసెకన్లు, అంటే రెండు ఫ్రేములు వదిలాము. ఆ పాటి ఖాళీ ఉంటేనే పాఠ్యం మారిందని కంటికి తెలుస్తుంది. ఐదో ముక్కలో గొంతు 18.600 దగ్గరే ఆగింది, ఆరోది 18.920కి మొదలైంది. ఆ 320 మిల్లీసెకన్ల ఖాళీని అలాగే వదిలితే తెర మీద పాఠ్యం ఒక్కసారి మిణుకుమంటుంది. అందుకని ఐదో ముక్కను 18.840 వరకు పొడిగించి, ఇక్కడ కూడా రెండు ఫ్రేముల ఖాళీయే మిగిల్చాము. అర సెకను లోపు ఖాళీలన్నింటినీ ఇలాగే మూసివేయాలి.

ఆరో ముక్క తరువాత పరిస్థితి వేరు. వక్త 21.900 దగ్గర ఆగి, 23.200 వరకు మౌనంగా ఉన్నారు. ఆ మౌనం నిజమైనదే కాబట్టి సబ్‌టైటిల్‌ను మరో అర సెకను నిలిపి 22.400 దగ్గర తీసేశాము. మౌనమంతటా పాత పాఠ్యాన్ని నిలిపి ఉంచితే ప్రేక్షకుడు దాన్ని మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెడతాడు.

ఏడో ముక్కలో మొదటి వరుస "చొప్పున" దగ్గర తెంపితే రెండు వరుసలూ కాస్త సమానంగా కనిపించేవి. అయినా "వచ్చి"ని పైనే ఉంచాము, ఎందుకంటే "ఇంటికి ఒకరు చొప్పున వచ్చి" అనేది ఒకే ఊపులో చదవవలసిన మాట. చివరి "అని"ని తీసేసి ఉంటే, "చేసేవాళ్ళం" అన్నది ఊరి పెద్దలు కాక వక్తే అన్నట్టు అవుతుంది, ఆయన కూడా పూడిక తీసినవారిలో ఒకరని ప్రేక్షకుడు అనుకుంటాడు. నాలుగో ముక్కలో "చెప్పిందేమిటంటే" అని తెరిచిన తలుపు "అని"తోనే మూసుకుంటుంది.

ఒక ముక్క తెర మీద ఎంతసేపు ఉండాలి? సాఫ్ట్‌వేర్ "వేగం ఎక్కువ" అని ఎర్రరంగు చూపిస్తే నమ్మాలా?

ఒక సెకనుకు తక్కువ కాకుండా, ఏడు సెకన్లకు మించకుండా, రెండు వరుసలకు మించకుండా ఉండాలన్నది సబ్‌టైటిళ్ల పనిలో బాగా స్థిరపడిన పద్ధతి. ఈ హద్దులు తెలుగుకూ సరిపోతాయి. సెకనుకు ఇన్ని అక్షరాలు అనే లెక్క దగ్గర మాత్రం జాగ్రత్తపడాలి.

చాలా ప్రోగ్రాములు యూనికోడ్ గుర్తులను లెక్కపెడతాయి. మనకు "స్త్రీ" ఒకే అక్షరం, యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఇకారపు గుర్తు కలిపి ఆరు. పై ఏడో ముక్కనే చూడండి. మన లెక్కలో అందులో 28 అక్షరాలు ఉన్నాయి, 3.92 సెకన్లలో సెకనుకు ఏడు చొప్పున చదవాలి. గుర్తుల లెక్కన, ఖాళీలతో కలిపి, అదే ముక్క సెకనుకు 16 దాటుతుంది. ఒత్తులు ఎక్కువగా ఉన్న సంస్కృత సమాసం వస్తే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది, చదివే శ్రమ అంతగా పెరగకపోయినా సరే. ఇంగ్లీషు కోసం పెట్టిన హద్దును చూసి తెలుగు పాఠ్యాన్ని కత్తిరించడం అన్యాయం.

మేము నమ్మే పరీక్ష వేరు. వీడియో చూడని ఒకరిని కూర్చోబెట్టి, శబ్దం పూర్తిగా ఆపేసి, సబ్‌టైటిళ్లను మాత్రమే చదవమనండి. వారు ముక్క పూర్తిచేసి ఒక్క క్షణం బొమ్మ వైపు చూడగలిగితే సమయం సరిపోయినట్టే. వరుసగా రెండు మూడు చోట్ల వెనకబడితే అక్కడ వక్త వేగంగా మాట్లాడుతున్నారని అర్థం. అప్పుడు ముందుగా తరువాతి మౌనంలోకి సమయాన్ని పొడిగించి చూడాలి. అదీ కుదరకపోతే పునరుక్తులను తగ్గించాలి.

మొదలయ్యే చోటును ఫ్రేము వరకు ఎలా పట్టుకోవాలి?

ఏజీసబ్, సబ్‌టైటిల్ ఎడిట్ వంటి ఉచిత ప్రోగ్రాములలో శబ్దపు తరంగరేఖ కనిపిస్తుంది. ప, క, డ వంటి స్పర్శాలతో మొదలయ్యే మాట రేఖలో నిటారుగా లేస్తుంది కాబట్టి గుర్తించడం తేలిక. స, శ, హలతో మొదలయ్యేవి మెల్లగా లేస్తాయి. రేఖ పెద్దదైన చోట గుర్తు పెడితే సబ్‌టైటిల్ ఆలస్యమవుతుంది. ఇటువంటి మాటలకు రేఖలో మొదటి సన్నని కదలిక దగ్గరే, లేదా దానికి ఒక ఫ్రేము ముందే గుర్తు పెట్టి, ఆ చోటును విడిగా వినిపించుకుని చూడాలి.

కెమెరా మారే చోటును కూడా గమనించాలి. సబ్‌టైటిల్ ముగిసే సమయం దృశ్యం మారే చోటుకు కొద్ది ఫ్రేముల దూరంలో ఉంటే, దాన్ని దృశ్యం మారడానికి రెండు ఫ్రేముల ముందుకు జరపడం మంచిది. దృశ్యం మారిన తరువాత క్షణకాలం మిగిలే పాఠ్యం కంటికి ఎగిరినట్టు కనిపిస్తుంది.

అంతా అయ్యాక చూస్తే సబ్‌టైటిళ్లు మాటకు కుదరడం లేదు. తప్పు ఎక్కడ ఉందో ఎలా తెలుసుకోవాలి?

మూడు చోట్ల చూడండి: మొదటి సబ్‌టైటిల్, మధ్యలో ఒకటి, చివరిది. తేడా ఎలా పెరుగుతున్నదో దాన్ని బట్టి కారణం బయటపడుతుంది.

మూడు చోట్లా తేడా ఒకేలా ఉంటే, సున్నా స్థానం తప్పిందని అర్థం. తీసివేతలో పొరపాటు గానీ, పైన చెప్పిన కీఫ్రేము కోత గానీ, తరువాత చేర్చిన లోగో గానీ కారణం. అన్ని సమయాలనూ ఒకే మొత్తంలో జరిపితే సరిపోతుంది. సబ్‌టైటిల్ ఎడిట్‌లో `Adjust all times`, ఏజీసబ్‌లో `Shift Times` ఈ పని చేస్తాయి.

మొదట సరిగ్గా ఉండి, పోనుపోను తేడా పెరుగుతుంటే, ఫ్రేము వేగాలు కలవడం లేదు. ఇరవై అయిదు ఫ్రేముల వీడియోకు వేసిన సమయాలను 23.976కు మందగించిన వీడియోకు తగిలిస్తే, తేడా వందకు నాలుగుకు పైగా ఉంటుంది. మన ముక్కలో 345 సెకన్లు గడిచేసరికి అది దాదాపు 14.7 సెకన్లు అవుతుంది, అంటే ఎవరికైనా కనిపిస్తుంది. ముప్ఫైకీ 29.97కీ మధ్య తేడా మాత్రం గంటకు 3.6 సెకన్లే. ఐదు నిమిషాల ముక్కలో అది సెకనులో మూడో వంతు దగ్గర ఉండి, తప్పు మీ చెవిదేనేమో అనిపిస్తుంది. ఇక్కడ జరపడం పనికిరాదు, సాగదీయాలి. మొదటి, చివరి సబ్‌టైటిళ్ల సరైన స్థానాలు ఇచ్చి `Point sync` చేస్తే మధ్యవన్నీ అదే నిష్పత్తిలో సర్దుకుంటాయి. ఫోన్‌తో తీసిన వీడియోలలో ఫ్రేము వేగం స్థిరంగా ఉండదు, అందువల్ల పని మొదలుపెట్టకముందే దాన్ని స్థిరమైన వేగానికి మార్చుకోవాలి.

ఒక చోటు వరకు సరిగ్గా ఉండి, అక్కడి నుంచి ఒక్కసారిగా తేడా వచ్చి, ఆపైన అదే తేడా కొనసాగితే, ఆ చోట వీడియోలో ఏదో తీసేశారు లేదా చేర్చారు. దీనికి సాగదీత వాడితే ముందున్న మంచి సమయాలు కూడా చెడిపోతాయి. తేడా మొదలైన సబ్‌టైటిల్ నుంచి చివరి వరకు ఎంచుకుని, వాటిని మాత్రమే జరపాలి.

ఫైలును దాచేటప్పుడు తెలుగు ప్రశ్నార్థకాలుగానో డబ్బాలుగానో మారుతోంది. ఏం చేయాలి?

రెండింటికీ కారణాలు వేరు. ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఫైలును యూటీఎఫ్-8లో కాక పాత ఎన్‌కోడింగ్‌లో దాచారని అర్థం. అలా దాచిన ఫైలులో తెలుగు పోయినట్టే, దాన్ని వెనక్కి తేలేము, పాఠ్యపు మూలప్రతి నుంచి మళ్లీ తీసుకోవాలి. డబ్బాలు కనిపిస్తే ఫైలు బాగానే ఉంది, ప్లేయర్ వాడుతున్న ఫాంటులో తెలుగు లేదు. అక్షరాలు వచ్చి ఒత్తులు మాత్రం పక్కకు విడిపోతే, ఆ ప్లేయర్‌కు తెలుగు అక్షరాలను కూర్చడం రాదు. కొన్ని టీవీలలో ఇది కనిపిస్తుంది, ఫైలులో ఏం మార్చినా బాగుపడదు.

అటువంటి చోట ప్రదర్శించవలసి వస్తే, సబ్‌టైటిళ్లను వీడియోలోనే అచ్చువేయడం ఒక్కటే మార్గం:

```
ffmpeg -i mukka.mp4 -vf "subtitles=mukka.srt:force_style='FontName=Noto Sans Telugu'" -c:a copy mukka-telugu.mp4
```

అచ్చువేసిన తరువాత రెండు వరుసలున్న సబ్‌టైటిళ్లను ఆపి ఆపి చూడండి. పై వరుసలోని ఒత్తులు కిందికి దిగి, కింది వరుసలోని గుడులకూ తలకట్లకూ తగులుతున్నాయేమో గమనించాలి. తగులుతుంటే ఫాంటు మార్చి, ముందు ఒకే నిమిషం ముక్కను అచ్చువేసి చూసి, ఆ తరువాతే మొత్తం వీడియోకు వేయండి.